చూడని అతుకులు

సఫూరా చేతిలో పడితే ఎవరి కోపమైనా మర్యాదగా మారిపోతుందని ఆ కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో అనుకునేవారు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కనే ఉన్న మూడంతస్తుల కట్టడం అది. తొమ్మిదేళ్లుగా అక్కడి ఉత్తరాలన్నీ ఆమే రాస్తోంది. బాడుగకు లారీలిచ్చేవారికి, బ్యాంకుకు, రైతులకు ఎవరికి తగ్గట్టు వారికి రాయగలదు. ఈ నేర్పులో కొంత పిరికితనం కూడా ఉందేమోనని ఆమెకు అప్పుడప్పుడు అనుమానం కలిగేది. ఫిబ్రవరి రెండో వారంలో ఒక మంగళవారం ఆ అనుమానం బలపడింది.

గదులను చల్లబరిచే పాత అమోనియా గ్యాస్ గొట్టాలను తీసేసి కొత్తవి వేయిస్తున్నారు. పద్నాలుగో తేదీ నుంచి మిర్చి బస్తాలు దించుకుంటామని ఛైర్మన్ సుభానీ వ్యాపారులకు మాట ఇచ్చాడు. సాయంత్రం నాలుగింటికి డైరెక్టర్ల సమావేశం. రెండింటికి ఇంజనీరు సాల్మన్ పంపిన నివేదిక ఇంత మాత్రమే ఉంది:

"పైపింగ్ 92 శాతం. 212 వెల్డింగ్ అతుకుల్లో 40కి ఎక్స్‌రే. 7 ఫెయిల్. లోపలిదాకా కలవలేదు. మిగతావి తెలియదు. ప్రెజర్ టెస్ట్ కాలేదు. 14 కుదరదు. కాదంటే నన్ను పిలవొద్దు."

పోయిన వారం నివేదికను సఫూరా ఉన్నదున్నట్టే పైకి పంపింది. అందులో "88 శాతం" అన్న మాటను పట్టుకునే సుభానీ పద్నాలుగో తేదీ ప్రకటించాడు. ఈసారి ఆమె తిరగరాసింది. అలవాటు కొద్దీ మంచి మాట ముందు పెట్టింది: "పనులు తొంభై రెండు శాతం పూర్తయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కొన్ని అతుకుల విషయంలో జాగ్రత్త వహించవలసి ఉన్నది."

సాల్మన్ చదివి కాగితం బల్ల మీద పడేశాడు.

"ఇది పెళ్లి శుభలేఖా, అమ్మా?"

"మీరు రాసినట్టు పంపితే వాళ్లకు కోపం తప్ప ఏమీ ఎక్కదు సార్."

"ఎక్కకపోతే పోనీ. ఇలా పంపితే మాత్రం పద్నాలుక్కే గ్యాస్ నింపమంటారు. నింపాక ఒక్క అతుకు తెరుచుకుంటే ఆ విషవాయువులోంచి పై అంతస్తులో బస్తాలు మోసే నలభై మంది కిందికి రావాలి. ఉన్నది ఒకటే మెట్ల దారి. దానికి 'జాగ్రత్త వహించవలసి' అంటావా?"

"ఆ నలభై మంది సంగతి మీరూ రాయలేదుగా?"

సాల్మన్ తన నివేదిక తీసి మళ్లీ చూశాడు. అది ఇంజనీర్లకు చెప్పనక్కర్లేని సంగతి కాబట్టి ఆయన రాయలేదు. చెప్పడానికి ఇబ్బందైన సంగతి కాబట్టి ఆమె రాయలేదు. కారణాలు వేరైనా ఆ మనుషులు రెండు కాగితాల్లోనూ లేరు.

"మిగతా పని ఎన్నాళ్లు?" అని అడిగింది.

"మిగిలిన నూట డెబ్బై రెండింటికీ ఎక్స్‌రే తీయాలి. ఆదివారానికి అయిపోతుంది. చెడ్డవి కోసి మళ్లీ అతకాలి, మళ్లీ ఎక్స్‌రే. తర్వాత నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో ఒక రోజు చూడాలి. గొట్టాల్లోని గాలి, తేమ లాగేయాలి. అప్పుడు గ్యాస్. గదులు చల్లబడటానికి ఇంకొన్ని రోజులు."

"తేదీ చెప్పండి."

"ఎన్ని చెడ్డవి దొరుకుతాయో తెలియకుండా తేదీ ఎలా చెప్తానమ్మా?"

"దొరక్కపోతే?"

"ఇరవై ఆరు."

"పదో, పన్నెండో దొరికితే?"

"మార్చి అయిదు."

"ఏది నిజమో ఎప్పుడు తెలుస్తుంది?"

"సోమవారం సాయంత్రం."

ఆమె మూడు సమాధానాలూ రాసుకుంది. తండ్రి ఇమాం హుస్సేన్ ముప్పై ఏళ్లు ఒక మిర్చి వ్యాపారి దగ్గర సరుకు చూసే పని చేశాడు. కొన్ని బస్తాలు కోసి, చేయి లోపలిదాకా పెట్టి గుప్పెడు కాయ తీసి, మొత్తం లాట్ గురించి తీర్పు చెప్పేవాడు. డైరెక్టర్లలో చాలామంది అదే విద్యతో పైకొచ్చినవారు. ఆమె కొత్త కాగితం తీసింది. మొదటి వాక్యంలోనే "పద్నాలుగున దించుకోవడం సురక్షితం కాదు" అని రాసింది. తర్వాత నలభై మంది, ఒకే మెట్లు. తర్వాత, అతుకులను బస్తాలతో పోల్చి: "నలభై బస్తాలు కోసి చూస్తే ఏడింటిలో బూజు ఉంది. కోయని నూట డెబ్బై రెండింటిని నమ్మగలమా?"

నాలుగింటికి సమావేశంలో ఆ వాక్యం దగ్గర సుభానీ మెచ్చుకోలుగా తల ఆడించాడు.

"ఇదీ రాతంటే! ఏంటయ్యా ఇంజనీరూ, ఇన్నాళ్లూ ఈ ముక్క చెప్పడానికి నీకేం? నలభైకి ఏడంటే లాట్ మొత్తం అనుమానమే."

సఫూరా ఊపిరి తేలికగా తీసుకోబోయింది.

"అయినా అలాంటి లాట్‌ని మనం వెనక్కి పంపుతామా? తరుగు కింద ధర కోసుకుని దించుకుంటాం. పద్నాలుక్కే మొదలుపెడదాం. సగం లోడే వేద్దాం. అదే మన తరుగు."

సాల్మన్ కుర్చీ వెనక్కి నెట్టి లేవబోయాడు. ఆయన బయటికి వెళ్లిపోతే సంగతి మొండి ఇంజనీరు కోపంగా మిగిలిపోతుందని, తేదీ మారదని సఫూరాకు తెలుసు. తప్పు ఆయనది కాదు. పోలిక తనది. సుభానీకి అర్థం కానిదేమీ లేదు. ఆ పోలిక ఎక్కడికి తీసుకెళ్తుందో అక్కడికే ఆయన వెళ్లాడు.

"సార్, ఆ వాక్యం తప్పు రాశాను" అని, అందరూ చూస్తుండగా పెన్నుతో కొట్టేసింది.

"ఇప్పుడేగా బాగుందన్నాను?"

"నలభైలో ఏడనే వరకే అది సరైంది. లాట్‌లో పనికిరాని తాలు కాయ కలిస్తే మంచి కాయతో సర్దుకుపోతుంది, ధర తగ్గుతుంది, అంతే. గొట్టం అలా సర్దుకోదు సార్. రెండు వందల పదకొండు అతుకులు గట్టిగా ఉన్నా మిగిలిన ఒక్కదాంట్లోంచి గ్యాస్ వస్తుంది. సగం లోడు వేసినా గొట్టాల్లో ఒత్తిడి సగం కాదు. లోపల ఇరవై మంది ఉంటారు, అంతే తేడా."

"నిజమేనా?" అని సుభానీ సాల్మన్ను అడిగాడు.

"నిజమే."

ఆ ఒక్క మాటకు సాల్మన్ ఇంకేమీ కలపలేదు. సఫూరా మనసులో కృతజ్ఞత చెప్పుకుంది.

అంతవరకూ మాట్లాడని ఖైరున్నీసా, భర్త పోయాక ఆయన స్థానంలో డైరెక్టరైన ఆవిడ, కళ్లజోడు సర్దుకుంది. "పగిలి తీరుతుందని చెప్తున్నావా, అమ్మాయ్?"

"లేదమ్మా. పగలదని చెప్పగలిగినవాళ్లు ఇవాళ ఎవరూ లేరని చెప్తున్నాను. సోమవారం సాయంత్రానికి తెలుస్తుంది."

"తెలిశాక?"

"ఇంకేమీ దొరక్కపోతే ఇరవై ఆరు. దొరికితే మార్చి అయిదు. నైట్రోజన్ పరీక్షలో ఒత్తిడి నిలవకుండా రెండిట్లో ఏ తేదీ కూడా లెక్కలోకి రాదు."

"రెండు తేదీలేంటమ్మా? వ్యాపారులు నవ్వుతారు" అన్నాడు సుభానీ.

"నవ్వనీ భాయ్" అంది ఖైరున్నీసా. "పద్నాలుగు వద్దు. రాసుకోండి."

మిగతా డైరెక్టర్లు తలలూపారు. సుభానీ ఫోను తీసి అద్దంకి వ్యాపారి బాజీకి కలిపాడు.

"ఆఁ, బాజీ! పద్నాలుక్కి లారీలు పంపకు... అరే, విను. గొట్టాల్లో ఒక్క అతుకు చెడ్డా మనుషుల ప్రాణం మీదికి వస్తుంది. తరుగు బేరం కాదిది... ఎప్పుడంటే, ఇరవై ఆరు అనుకో."

సఫూరా నిలబడింది. ఛైర్మన్ ఫోన్లో ఉండగా ఆమె ఎప్పుడూ నోరెత్తలేదు. ఇరవై ఆరు ఒక్కటే అద్దంకి చేరితే ఆ రోజు గేటు ముందు లారీలు బారులు తీరతాయి. అప్పుడు పరీక్షను ఆపమని ఒత్తిడి చేసేవారు ఇంకా ఎక్కువమంది ఉంటారు.

"సార్, రెండోది కూడా చెప్పండి."

సుభానీ ఫోనును అరచేత్తో మూసి ఆమెవైపు చూశాడు. ఆమె కూర్చోలేదు.

"బాజీ, లైన్లో ఉన్నావా? ఇరవై ఆరు కాకపోతే మార్చి అయిదు. ఏదో సోమవారం చెప్తా. అప్పటిదాకా ఎవరికీ మాటివ్వకు."

ఫోను పెట్టేసి ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. కొట్టేసిన వాక్యం పక్కన ఖాళీ చూపించి, "ఇందాక గొట్టం గురించి నోటితో చెప్పింది ఇక్కడ రాయి. సంతకం పెడతాను" అన్నాడు.