ఐదో మాట

ఆర్మూర్‌లో ఒక చిన్న దవాఖాన. ఆపరేషన్ గది బయట బెంచీ మీద నేను, అక్క, బాపు, ఎవరూ మూత తీయని టిఫిన్ డబ్బా. లోపల అమ్మ. బాపు పసుపు ఉడకబెడుతూ అట్లాగే పరుగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్లకు నిన్న ఆలూర్ దారిలో తగిలిన ఉడుకు పసుపు వాసనే ఇదంతా గుర్తుకు తెచ్చింది.

"తిరగేసి చదివినా మారని మాటలు ఐదు దొరికితే అమ్మ మంచిగ బయటికొస్తది," అన్నది అక్క, నా ఏడుపు ఆపడానికి. నేను నమ్మేశాను.

జలజ, నటన, కునుకు, పులుపు దొరికాయి. ఆ తర్వాత ఎంత వెతికినా ఒక్కటీ రాలేదు.

"పసుపు!" అన్నాను.

"తిప్పితే పుసుప అయితది. ప, పు ఒక్కటేనారా? గుణింతం గూడ కలవాలె."

తలుపు తెరుచుకోలేదు. బాపు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

"మరి అమ్మ?"

అక్క తల దించుకుంది.

"చెప్పక్కా!"

"అది కాదురా. తిప్పితే మ్మ ముందుకొస్తది. మ్మతోని ఏ మాటా మొదలుగాదు. అ ఏమో మాట చివర ఉండదు."

అమ్మ తిరిగి రాదని చెప్పినట్టే వినిపించింది. గట్టిగా ఏడ్చాను.

తెలుగు మాటల మొదట వచ్చే అచ్చులు మామూలుగా చివర రావు, చివర వచ్చే ఒత్తక్షరాలు చాలావరకు మొదట రావు. హల్లు, గుణింతం, ఒత్తు అన్నీ రెండువైపులా కలవడం అరుదని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు తెలిసింది భయమే.

నర్సు తలుపు తీసి, "మీ అమ్మ మంచిగున్నది, రండ్రి" అన్నది.

అప్పటికి మాకు దొరికినవి నాలుగు.