కదిరప్ప సిమెంటు పిచ్

కంబదూరులో కదిరప్ప తెలీనోళ్ళు లేరు. ఆయప్ప బాధే అది. అందరికీ తెలుసు, అంగడికి మాత్రం ఎవురూ రారు. బస్టాండు కాడ ‘శ్రీ లక్ష్మీనరసింహ ట్రేడర్స్’ అని ఎర్ర అక్షరాల బోర్డు, దాని కింద సిమెంటు బస్తాలు, ఇనుప కమ్ములు, రేకులు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీలో కదిరప్ప. వాళ్ళ నాయన జీవితమంతా వేరుశనగ బుడ్డల సేద్యం చేసి వానను తిట్టి తిట్టి పోయినాడు. వానతో పని లేని యాపారం చేయాలని పట్టుబట్టి కొడుకు సిమెంటు పెట్టినాడు. పంట లేనోడు ఇల్లు కట్టడని ఆయప్పకు తెలిసేసరికి మూడేండ్లు కరువొచ్చి కూచునింది.

రెండువేల మూడు, ఏప్రిల్ నెల. సిమెంటు కంపెనీ ఆఫీసరు అనంతపురం నుంచి జీపులో వచ్చి, ఇచ్చిన టీ తాగి, చల్లగా చెప్పినాడు. “మండలంలో మీ పేరు కనపడాలండీ. విజిబిలిటీ లేదు. ఇట్లే ఉంటే డీలర్‌షిప్పు కళ్యాణదుర్గం పార్టీకి ఇవ్వాల్సొస్తుంది. వచ్చే నెల ఇంకోసారి చూసిపోతా.”

ఆ మాట కదిరప్ప గుండెలో ముల్లులా దిగింది. పదైదేండ్ల అంగడి. ఇది పోతే మళ్ళీ బుడ్డలు ఇత్తుకోవాల, అది తల్చుకుంటేనే ఆయప్పకు జ్వరమొస్తాది.

సరిగ్గా అప్పుడే హైస్కూలు గ్రౌండులో ఎండాకాలం క్రికెట్టు టోర్నమెంటు అని దండోరా పడింది. కమిటీకి పెద్ద రాఘవేంద్ర. డిగ్రీ చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తా, మధ్యలో ఊరికి పనికొచ్చేటివన్నీ తానే చేస్తాండే పిల్లోడు. కదిరప్ప హోటల్లో వాణ్ణి పట్టుకున్నాడు.

“ఏమప్పా, స్పాన్సరు కావాల్నంట గదా?”

“కావాల్నన్నా. కప్పు ఒకాయన ఇచ్చినాడు, టీషర్ట్లు ఇంకొకాయన. వాళ్ళ ఫోటోలు పెద్దగా ఏయాల. నీకు ఫ్లెక్సీలో కింద మూల మిగిలుండాది.”

“కింద మూల నీ దగ్గరే పెట్టుకో. ఈ గాలికి ఫ్లెక్సీ మూడు దినాలుంటాదా? నేను సిమెంటు పిచ్ వేయిస్తా. ఇరవై రెండు గజాలు, ముప్పై బస్తాలు. పచ్చిగా ఉన్నప్పుడే రెండు పక్కలా నా అంగడి పేరు చెక్కిస్తా. బౌలింగు వేసేటోడూ, బ్యాటు పట్టేటోడూ పదేండ్లు నా సిమెంటు మీదే నిలబడాల. ఎవురి ఫోటో నిలుస్తాదో చూస్తాం.”

రాఘవేంద్ర నోరు తెరిచినాడు. ఆ జిల్లాలో మట్టి నేల మీద చాప పరిచి ఆడేటోళ్ళకు సిమెంటు పిచ్ అంటే చెన్నై స్టేడియమే.

“ఇంకొకటి. టోర్నమెంటుకు లక్ష్మీనరసింహ కప్పని పేరు పెట్టాల. వికెట్టు పడినప్పుడల్లా మైకులో నా సిమెంటు పేరు చెప్పాల. ఫోరుకు వద్దు. వికెట్టుకే జనం గమ్మున వింటారు.”

“వికెట్టుకే చెప్తాలేన్నా,” అని రాఘవేంద్ర చేయి కలిపినాడు.

పిచ్ వేసింది సుంకన్న మేస్త్రీ. ఆ చుట్టుపక్కల సగం ఇండ్లు ఆయన కట్టినవే. ఆయన ఏ సిమెంటంటే జనం అదే తెచ్చుకుంటారు. కదిరప్ప అంగడి ఇంకా తెరిచుండాదంటే ఆయన పుణ్యమే. సాయంత్రానికి పని ముగించి, అక్షరాలు చెక్కి, సుంకన్న చేతులు కడుక్కుంటా అన్నాడు. “చుట్టూ మట్టి కట్ట కట్టినా. ఏడు దినాలు నీళ్ళు నిలబెట్టాల. ఈ ఎండకు ఒక్క పూట ఎండినా పగుళ్ళిస్తాది. నీకు నేను చెప్పాల్నా?”

“రోజుకొక ట్యాంకరు మాట్లాడినాలే,” అన్నాడు కదిరప్ప, మీసం దువ్వుకుంటా.

మొదటి దినం ట్యాంకరు వచ్చింది. కట్ట నిండా నీళ్ళు పోసినారు. మధ్యాన్నం గొర్రెల మంద వచ్చి మొత్తం తాగేసి, పేరు మీద కాళ్ళు పెట్టి పోయింది.

రెండో దినం ట్యాంకరు గ్రౌండు దాకా రానే లేదు. కాలనీ మలుపు కాడ చౌడమ్మ అడ్డం నిలబడింది. వెనక ముప్పై బిందెలు. చౌడమ్మ కూలికి పోయే మనిషి, వయసు యాభై దాటింది, గొంతు మాత్రం మైకు లేకుండానే నాలుగు వీధులకు వినపడతాది. పంచాయతీ ట్యాంకరు ఆరు దినాలుగా రాలేదంట.

“బండకు నీళ్ళు పోస్తావా కదిరప్పన్నా, పిల్లోళ్ళకు పోయవా?”

ట్యాంకరును వెతుక్కుంటా వచ్చిన కదిరప్ప దాని కొళాయి తానే తిప్పినాడు. “ఈ ఒక్క దినం తీసుకోండమ్మా,” అన్నాడు.

ఆ పొద్దుకు ‘కదిరప్ప నీళ్ళు’ అని కాలనీ అంతా పేరొచ్చింది. ఎదురైన ముసిలోళ్ళు దండం పెట్టినారు. పదైదేండ్లలో ఇట్లా ఒక్కరూ పెట్టలేదు. ఆయప్పకు బాగుండింది, అబద్ధమెందుకు. మూడో దినం, నాలుగో దినం, ఏడో దినం దాకా ట్యాంకరు కాలనీలోనే ఆగింది. పిచ్ మీద తడి గోనెసంచులు కప్పించినాడు. తొమ్మిదింటికి తడిపితే పదింటికే అవి అప్పడాలు. పిచ్ దిక్కు చూడాలంటే ఆయప్పకు ధైర్యం చాలలేదు.

టోర్నమెంటు సగానికే పైన పొర పిండిపిండిగా లేచింది. ఫైనల్ నాటికి బారు పగుళ్ళు. ఆ పొద్దే కంపెనీ ఆఫీసరు వచ్చి షామియానా కింద కూచున్నాడు. పక్కన కదిరప్ప, తెల్లచొక్కాలో.

మూడో బంతి పగులులో పడి నేలబారున పోయి స్టంపులు ఎగరగొట్టింది. రాఘవేంద్ర మాట తప్పే మనిషి కాదు. “ఈ వికెట్టు మీకు సమర్పించినవారు శ్రీ లక్ష్మీనరసింహ ట్రేడర్స్. గట్టిదనానికి మారుపేరు మా సిమెంటు.” జనం గొల్లున నవ్వినారు. ఐదో బంతి ఇంకో పగులులో పడి నిలువునా లేచి బ్యాటుకు తగిలి క్యాచయింది. మళ్ళీ గట్టిదనం. మడకశిర జట్టు పంతొమ్మిది పరుగులకే అయిపోయింది, కదిరప్ప పేరు పదిసార్లు మోగింది. ఎనిమిదోసారికి రాఘవేంద్రతో పాటు జనమంతా అరిచినారు.

ఆఫీసరు లేచి పిచ్ కాడికి పోయినాడు. కాలితో గీకితే పొడి రాలింది. “మా సిమెంటు ఇట్లా రాలదు. ఎవరిది ఈ పని? మేస్త్రీదేనా తప్పు?”

సుంకన్న అక్కడే నిలబడుండాడు. రాలిన పొడిని అరచేతిలోకి తీసుకుని చూస్తాండాడు. అవునంటే చాలు, కదిరప్ప డీలర్‌షిప్పు నిలుస్తాది. సుంకన్నను మాత్రం రేపట్నుంచి ఎవురూ పనికి పిలవరు. కదిరప్ప నోట్లో అవునన్న మాట వచ్చే వచ్చింది, సిగ్గు లేకుండా నాలిక చివర కూచునింది. సుంకన్న అరచేతుల్లో సిమెంటు తిన్న పుండ్లు కనపడినాయి. కదిరప్ప పోయి మైకు తీసుకున్నాడు.

“సిమెంటు మంచిదే. మేస్త్రీ మంచోడే. ఏడు దినాలు నీళ్ళు పట్టాల్సింది, పట్టలేదు. తప్పు నాది. మీరు ఇండ్లు కట్టుకునేటప్పుడు వారం దినాలు బాగా నీళ్ళు పట్టండి.”

ఆడోళ్ళ పక్క నుంచి చౌడమ్మ లేచింది.

“ఆ నీళ్ళు మేము తాగినాము సారూ, ఆయప్పను అనొద్దు. అయినా గోడలకు వారం దినాలు పట్టేటన్ని నీళ్ళుంటే, ఈ పొద్దు ఇంతమందిమి ఈడెందుకు కూచుంటాం? చేన్లో ఉంటాం గదా.”

గ్రౌండులో ఎవురూ నవ్వలేదు. ఆఫీసరు చుట్టూ చూసినాడు. వెయ్యిమంది జనం, పనిదినం, పగటిపూట.

“కదిరప్పగారూ, ఈ ఏడు మీ ఊర్లో ఎన్ని ఇండ్లు లేచినాయి?”

“రెండు సార్.”

“వచ్చే ఏడు?”

“వాన పడితే చూడాల.”

ఆఫీసరు డైరీ తీసి కంబదూరు పేరు కొట్టేసినాడు. జీపు ఎక్కుతా సుంకన్నను పిలిచి, కళ్యాణదుర్గంలో పనులుండాయి, వస్తావా అని అడిగినాడు.