బొమ్మ వెనక క్లిప్పులు

సమ్రీన్‌కు కుర్చీలో కుదురు లేదు. మెదక్‌లో ఎల్లేష్ నడిపే చొక్కాల యూనిట్‌కు ఆన్‌లైన్ కేటలాగ్ రాసేది ఆమే. గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. సన్నని ఏటవాలు గీతలు కనబడగానే ట్విల్ నేత అని రాసింది. కాలర్ అంచుకు పావు అంగుళం లోపల కుట్టు తిన్నగా సాగింది. అదీ రాసింది. ఫిట్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఫోటో కోసం బొమ్మకు తొడిగిన చొక్కా ముందునుంచి ఒంటికి అతికినట్టుంది. వెనక మాత్రం మిగులు గుడ్డనంతా మడిచి క్లిప్పులు పెట్టారు.

“స్లిమ్ ఫిట్ అని రాయి, జల్ది! సాయంత్రానికి పెట్టాలె,” అన్నాడు ఎల్లేష్.

ఆమె లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. విసురుగా వెళ్లి క్లిప్పులన్నీ పీకేసింది. చొక్కా గోనెసంచిలా వేలాడింది.

“గిదేం పని?” ఎల్లేష్ కసిరాడు.

“నీ సైజే గదన్నా, నువ్వే తొడుక్కో.”

అతను పంతానికి తొడుక్కున్నాడు. అద్దంలో చూసుకుంటూ, తనకు తెలియకుండానే వీపు దగ్గరి గుడ్డను గుప్పిట్లోకి లాగి బిగించాడు.

“చూడు, మస్తున్నది గద!”

“కొన్నోళ్లకు వెనక ఎవరు పట్టుకుంటరన్నా?”