రెండో ఏడు ఎనభై శాతం

అమ్మ తను పనిచేసే స్కూల్లో మెట్లు కడుగుతా జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే నాటికి నేను ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా రెండో ఏట్లో ఉన్న. ఫలక్‌నుమా అవతల మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. నెలకు ఎనిమిది వేల తొమ్మిది వందల అరవై స్టైపెండ్. జహనుమాలో రెండు గదుల కిరాయి ఐదున్నర వేలు. అమ్మ జీతం ఆగిపోయినంక మిగిలిన దాంట్లనే మందులు, తిండి. ఆడోళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి పనికి పోగలిగిన.

మా బ్యాచిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయిది దబీర్‌పురా. రెండో ఏట మూడు నెలలు నిండంగనే ఆమె మానేసింది. మదీనా బజారు దిక్కు బట్టల దుకాణంలో పన్నెండు వేలిస్తమన్నరట. పోయేటప్పుడు ఆమె తన టెస్టర్ నాకిచ్చి, "నాతోని కాదు, నీకు పనికొస్తది" అన్నది.

ఇంకో నెల ఓర్చుకున్న. ఓనరు కిరాయి పెంచుతనన్నడు. ఒకరోజు అమ్మ మంచంల కూసొని, "నేను తినేది సగం చేస్తే నడుస్తదా బిడ్డా?" అని అడిగింది. తెల్లారి రాజీనామా కాయితం రాసుకొని ఫ్యాక్టరీ ఆఫీసుకు పోయిన.

స్టైపెండ్ చూసే క్లర్కు కాయితం చదివి, "మధ్యల పోతే సర్టిఫికెట్ రాదమ్మా, తెలుసు కదా" అన్నడు. తెలుసన్న. కాంట్రాక్టు రద్దు చేసుకోవాలని నా ఫైలు తీసి ముందర పెట్టి, సంతకం పెట్టే చోటు చూపించిండు. కాంట్రాక్టు ఇంగ్లీషుల ఉన్నది. చేరిన రోజు చదవకుండానే సంతకం పెట్టిన. ఆ రోజు ఎందుకో పెన్ను పట్టుకొని చదివిన.

స్టైపెండ్ దగ్గర ఒక్క వాక్యం. ప్రభుత్వం ఎప్పటికప్పుడు ప్రకటించే నైపుణ్య కార్మికుని కనీస వేతనంల, కరువు భత్యం కలుపుకొని, మొదటి ఏడు డెబ్భై శాతం, రెండో ఏడు ఎనభై శాతం.

"సార్, నాది రెండో ఏడు కదా" అన్న.

"అయితే?"

"నాకు పోయినేడు ఎంతనో ఇప్పుడూ అంతే వస్తున్నది."

క్లర్కు ఫైలు దగ్గరికి లాక్కున్నడు. "హెడ్డాఫీసు నుంచి కొత్త లెక్క రాలే. రానిది నేనెట్ల మారుస్త? స్టైపెండంటే జీతం కాదు."

సంతకం పెట్టకుండ బయటికొచ్చిన. గేటు దగ్గర కనీస వేతనాల నోటీసు అంటించి ఉంటది, ఎవ్వలూ చదవరు. నైపుణ్య కార్మికునికి భత్యంతో కలిపి రోజుకు ఐదు వందల ఇరవై. రాజీనామా కాయితం వెనకనే లెక్క వేసిన. నెలకు ఇరవయ్యారు పనిరోజులకు పదమూడు వేల ఐదు వందల ఇరవై. దాంట్ల ఎనభై శాతం పది వేల ఎనిమిది వందల పదహారు. నాకిచ్చేది పోయినేటి పన్నెండు వేల ఎనిమిది వందల రేటు మీద డెబ్భై శాతం. అంటే రేటూ పాతదే, శాతమూ పాతదే. నెలకు పద్దెనిమిది వందల యాభై ఆరు తక్కువ. మూడు సార్లు వేసిన. అంతే వచ్చింది. సంతోషం కాలేదు. అమ్మ మందులు ఎక్కడెక్కడ ఎగ్గొట్టిన్నో యాదికొచ్చింది.

నోటీసు ఫోటో, కాంట్రాక్టు ఫోటో తీసుకొని సర్కారు అప్రెంటిస్‌షిప్ అధికారి దగ్గరికి మూడు సార్లు తిరిగిన. మూడోసారి ఆమె నా లెక్క తన క్యాలిక్యులేటర్ మీద వేసుకున్నది. "కరెక్టే. రెండో ఏడు మొదలైన రోజునుంచి ఇయ్యాలె" అని ఫ్యాక్టరీకి లెటర్ రాసింది.

లెటర్ పోయినంక కూడా రెండు నెలలు పట్టింది. ఈలోపట జహనుమా ఇల్లు ఖాళీ చేసినం. మాదన్నపేట మార్కెట్ వెనక ఒక్క గదిలకు అమ్మను ఆటోల ఎక్కించుకొని పోయిన. గుంతల దగ్గర ఆమె నొప్పికి పళ్ళు బిగబట్టుకుంటుంటే నేను బయటికి చూసిన. ఆఖరికి ఆర్నెల్ల తేడా ఒక్కసారే బ్యాంకుల పడ్డది. పైసలు పడ్డనాడు ఫిజియోథెరపీకి పోదామంటే, ఆలస్యమైంది, ఇగ కర్ర లేకుండ నడవదని డాక్టర్ చెప్పిండు.

నా తోటి అమ్మాయికి కూడా ఆమె చేసిన మూడు నెలల తేడా ఇచ్చిండ్రు, ఐదు వేల ఐదు వందల అరవై ఎనిమిది. ఆ సంగతి చెప్పనీకి దుకాణానికి పోయిన. ఆమె చీరలు మడతపెడుతున్నది. మళ్ళ వస్తనంటే తీసుకుంటరా అని అడిగింది. అధికారిని ముందే అడిగిన, రద్దయిన కాంట్రాక్టు మళ్ళ నిలబడదన్నది. అదే చెప్పిన.

"నెలకు గింత ఎక్కువొచ్చినా మానకుండ ఆగుతుంటి" అన్నది. ఇంతల గిరాకీ వచ్చింది. ఆమె లేచి పోయి ఇంకో చీర విప్పి చూపించింది. నేను బస్సుకు వచ్చేసిన.