కొవ్వొత్తి దగ్గర ఎవరు?

మా అక్క మీద నాకున్న అసూయ ఇంకెవరి మీదా లేదు. అక్కకు మా అమ్మ పదేళ్లు దక్కింది. నాకు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో నాకు మిగిలింది ఒకే ఒక్క జ్ఞాపకం, అదీ మసకగా. చీకటి, చేతిలో కొవ్వొత్తి, ఎవరో నన్ను చంకనెత్తుకున్నారు, చేతి మీద వేడి మైనం పడితే ఊదారు. ఆ ఊదింది మా అమ్మ అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. అక్కకేమో బోలెడున్నాయి. అమ్మ సంగటి ముద్ద ఎట్లా తిప్పేది, ఏ పాట పాడేది, ఎందుకు కోప్పడేది, అన్నీ ఆమెకు తెలుసు. అన్నం తింటూ మధ్యలో ఏదో ఒకటి అనేసి, పైగా "నీకేం తెలుస్తాది లే" అని చెయ్యి కడుక్కునేది. అప్పుడు నా కడుపు ఎట్లా మండేదో ఆమెకు తెలిసుంటే కొంచెం నెమ్మదిగా కడుక్కునేదేమో!

నంద్యాలలో ఒక ప్రైవేటు బడి గదిలో ఆదివారం మధ్యాహ్నాలు రాసుకునేవాళ్లం కొందరం కలుస్తాం. రిటైరైన తెలుగు సారొకరు నడిపిస్తారు. చర్చి అయ్యాక బిర్యానీ తిని వచ్చి ఆవలిస్తూ కూచునేవాళ్లమే ఎక్కువ. ఆయనకు మాత్రం నిద్ర రాదు, మమ్మల్నీ పోనివ్వరు. ఒకవారం చిన్ననాటి మసక జ్ఞాపకం ఒకటి తీసి రాయమన్నారు. నేను నా కొవ్వొత్తి రాసుకుపోయి చదివాను. "అమ్మ నన్ను ప్రేమగా ఎత్తుకుంది" అని ఉంది అందులో. అక్కడే ఆపించారు.

"ప్రేమగా అంటే ఏందమ్మా? ఆ మాట కొట్టెయ్. అమ్మ చెయ్యి యాడుండె? నీ కాళ్లు దేనికి తగల్తాండె? గాలి చల్లగుండెనా, ఉక్కగుండెనా? అది చెప్పు. ప్రేమ నేను చూసుకుంటా."

తర్వాత ఒక పద్ధతి చెప్పారు. నీ ఒంటికి గుర్తున్నది నల్ల ఇంకుతో రాయి, ఎవరో చెప్పగా విన్నదీ నువ్వు ఊహించుకున్నదీ ఎర్ర ఇంకుతో రాయి. రెండూ కలిపెయ్యకు. కథకు సరిపోనిది ఏదైనా గుర్తొస్తే అది దాచుకోకు, అదే ముందు రాయి.

ఇంటికొచ్చి రాశాను. ఎర్ర ఇంకు పేజీ నిండా పారింది. క్రిస్మస్ తెల్లవారుజాము, చర్చి, అమ్మ తెల్లచీర, అమ్మ తలలో మల్లెపూలు, అన్నీ ఎరుపే. నల్ల ఇంకులో మిగిలినవి చూస్తే ఏడుపొచ్చింది. వేడి మైనం. ఉఫ్ అని ఊపిరి. నా మోచేతికి తెల్లగా అంటిన సున్నం. మెడ దగ్గర చెమట వాసన. ఇంకొకటి, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది: నా పాదాలు కిందకు వేలాడి గడ్డిని తాకుతుండేవి. అమ్మ చంకనున్న పిల్లకు గడ్డి ఎట్లా తగుల్తుంది? పిచ్చిది అనుకుంటారని అది నేనే తీసేసి పెట్టుకున్నాను ఇన్నాళ్లూ.

మిగతాది అక్కనే అడగాలి. దేవుడు కూడా అమ్మ విషయాలన్నీ ఆమె దగ్గరే దాచిపెట్టాడు, చేసేదేముంది! మరుసటి వారం అక్క ఉండే ఆళ్లగడ్డకు బస్సెక్కాను.

అక్క వంటింట్లో కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసి "ఏందీ ఉన్నట్టుండి?" అంది. నేను కాగితం తీసి చదివాను, నలుపూ ఎరుపూ రెండూ. ఆమె చేట ఆపలేదు. క్రిస్మస్ చర్చి అన్నప్పుడు మాత్రం తలెత్తింది.

"చలి పెట్టెనా నీకు?"

ఆలోచించాను. "లేదు. చెమట వాసన గుర్తుంది."

"క్రిస్మస్‌కు చెమటేంది మే? సరే, చర్చిలో గడ్డి యాడుంటాది?"

"అదే నాకూ తెలీడం లే. నువ్వు చెప్పు. నీకన్నీ తెలుసు కదా!" నా గొంతులో ఉన్న పుల్లవిరుపు నాకే వినిపించింది.

అక్క చేట కింద పెట్టింది. కొర్రల మీద చెయ్యి ఆడించింది కాసేపు.

"అది ఈస్టర్ పొద్దు. సమాధుల తోట. ముందురోజు నాయన సున్నం కొట్టి వచ్చె. నీ మోచేతికి అంటింది ఆ సున్నమే. పొద్దు పొడవకముందే కొవ్వొత్తులు పట్టుకోని పోతిమి."

మా వాళ్లలో ఈస్టర్ తెల్లవారకముందే సమాధుల దగ్గరకు పోతాం. సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాడతాం. అది నాకు తెలియంది కాదు. ఏటా పోతూనే ఉన్నాను. అయినా నా కొవ్వొత్తిని ఏనాడూ అక్కడ పెట్టి చూసుకోలేదు. అమ్మ బతికున్న చోటే పెట్టుకోవాలనిపించింది కదా, అందుకని చర్చిలో పెట్టుకున్నాను.

"ఎవరి సమాధికి?" అన్నాను.

అడగాల్సిన పని లేదు. నాయన వైపు వాళ్ల సమాధులన్నీ దొర్నిపాడులో ఉన్నాయి. ఆళ్లగడ్డలో మాకుండేది ఒక్క సమాధే, అమ్మది.

"అది అమ్మ కాదు మే" అంది అక్క. "నేను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మండటమంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

"ఒక్కటే కదే నాకుండేది! నీకు సంచుల కొద్దీ ఉండాయి. ఈ ఒక్కటీ నీకే కావాల్నా? తెలిసీ ఇన్నేళ్లు చెప్పకుండా ఉంటివా?"

"నువ్వు ప్రతిసారి అమ్మ ఊదింది, అమ్మ ఊదింది అని చెప్తాంటే ఎట్ల చెప్పేది? పోనీలే, ఉంచుకోనీ అనుకుంటి."

"మరి ఇప్పుడెందుకు చెప్తివి?"

"నువ్వే కదా గడ్డి సంగతి అడిగితివి. నేను పొట్టిదాన్ని. నువ్వు జారిపోతాంటివి, కాళ్లు కింద ఈడుస్తాంటివి. నాయన పాట పాడలేక పాడతాండె. నిన్ను తీసుకోమని ఎవర్నడగాల? కొవ్వొత్తి వంకరగా పట్టుకుంటివి, మైనం చేతి మీద పడె, ఏడిస్తివి. ఊదితి."

నేను కోపంలోనే అన్నాను, "నీకు అమ్మ పదేళ్లుండె. నాకేముండె?"

అక్క నా వైపు చూసింది. కళ్లల్లో నీళ్లేమీ లేవు. మా అక్క ఏడ్చే మనిషి కాదు.

"నీకు నేనుంటి. ఆ పొద్దు నన్ను ఎవరు ఎత్తుకున్యారో చెప్పు మే. నీ మీద నాకెంత కుళ్లుండెనో నీకేం తెలుసు? నా చేతి మీద కూడా మైనం పడె. ఊదేటోళ్లు యాడుండిరి?"

ఇన్నేళ్లూ అసూయ నా ఒక్కదానిదే అనుకున్నాను. ఈ ఇంట్లో ఇంకో అసూయ కూడా ఉందని, అదీ నా మీదనే అని, కలలో కూడా అనుకోలేదు.

కాసేపటికి పెన్ను తీశాను. ఎర్ర ఇంకుతో రాసినవన్నీ కొట్టేశాను. చర్చి, తెల్లచీర, మల్లెపూలు. 'అమ్మ' అన్న మాట కూడా కొట్టేశాను. అది కొట్టడానికి చెయ్యి చాలాసేపు రాలేదు. పైన 'అక్క' అని రాశాను. రాశాక గడ్డి సరిపోయింది, చెమట సరిపోయింది, అన్నీ వచ్చి ఎవరి చోట వాళ్లు కూచున్నట్టు కూచున్నాయి. అది ఇంకా బాధగా ఉంది.

ఆ పిల్ల మాత్రం కనపడటం లేదు. నన్ను ఎత్తుకున్న పదేళ్ల పిల్ల. అక్కను అమ్మ గురించి వంద సార్లు అడిగాను, ఆ పిల్ల గురించి ఒక్కసారీ అడగలేదు.

"ఆ పొద్దు నువ్వేం తొడుక్కుంటివి అక్కా?"

అమ్మ చీరల అంచులు కూడా రంగులతో సహా చెప్పే మా అక్క, చేట మళ్లీ చేతిలోకి తీసుకుని చాలాసేపు ఆలోచించింది.

"గౌనో, లంగానో... తెలీదు మే. నువ్వు బరువుంటివి. శానా బరువుంటివి. అదొక్కటే గుర్తుండాది."