పదకొండు సార్లు వేసుకున్న జీన్స్

ఆ శనివారం పొద్దున మా పెరటి గచ్చు మీద ఉన్నవి: ఒక నీలం బకెట్, సగం వరకు చన్నీళ్ళు, మూతెడు బట్టల లిక్విడ్, నా ముదురు నీలం జీన్స్, కొళాయి పైన గోడకు నేను అంటించిన కాగితం. ఉన్నవాళ్ళు: మా అమ్మ, మా వీధిలో నాలుగిళ్ళకు బట్టలు ఉతికే అక్క, నేను.

కాగితం మీద ఎనిమిది అంశాలు రాశాను. దానికి కారణం నా పాత జీన్స్. పౌడరు వేసి వేడినీళ్ళలో నానబెట్టి, బండ మీద బ్రష్షుతో రుద్ది, పిండి, డాబా మీద ఎండలో వేస్తే రెండు నెలల్లో తెల్లబడింది. మోకాళ్ళ దగ్గర ఉబ్బింది. కొత్తది కొన్నాక చదివి తెలుసుకున్నాను. ఆ నీలం రంగు దారం లోపలి దాకా ఇంకదు, పైపొరల్లోనే ఉంటుంది. రుద్దిన ప్రతిసారీ కొంత రాలుతుంది. తడిసిన జీన్స్ బరువెక్కుతుంది, వేలాడదీస్తే ఆ బరువుకే సాగుతుంది. అందుకని పదిసార్లు వేసుకున్నాకే ఉతకాలి, మధ్యలో నీడన గాలికి ఆరేయాలి, మరక పడితే అక్కడే తుడవాలి. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పాలి, చన్నీళ్ళే వాడాలి, బ్రష్షు తగలకూడదు. మెలిపెట్టకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తాలి. నీడలో తీగ మీద సగానికి మడిచి వేయాలి. ఇవన్నీ సరైనవే. ఇప్పటికీ సరైనవే అంటాను.

నేను రాయనిది ఒకటి ఉంది. నేను పనిచేసేది గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, కాయలు తీసి, పొడి చేసి, తేమ చూస్తాను. వీధిలో మాత్రం ల్యాబ్‌లో ఉద్యోగం అని చెప్పుకున్నాను. అబద్ధం కాదు. కానీ వినేవాళ్ళకు తెల్లకోటు కనపడాలనే అలా చెప్పేవాణ్ణి. కొత్త జీన్స్ వేసుకుని ఆ టిక్కీల మధ్య తిరిగాను. ఘాటు నాకు అలవాటైపోయింది, బట్టల్లో ఉందని ముక్కు చెప్పడం ఎప్పుడో మానేసింది.

అక్క బకెట్ ముందు కూర్చుని, జీన్స్ చేతిలోకి తీసుకుని అడిగింది.

"ఎన్నిసార్లు వేశావు తమ్ముడూ?"

పదిసార్లకు పైగా ఉతక్కుండా వేశానని ఉతికే మనిషితో చెప్పడానికి సిగ్గేసింది. రెండుసార్లు అన్నాను.

ఆవిడ ప్రత్తిపాడు వైపు పొలాల్లో మిరపకోతకు వెళ్ళిన మనిషి. సంగతి తెలిస్తే ముందే చేతులకు నూనె రాసుకునేది, జేబులు పొడిగా ఉన్నప్పుడే దులిపేది. రెండుసార్లు వేసిన ల్యాబ్ ప్యాంటుకు అవన్నీ ఎందుకు? కాగితంలో చెప్పినట్టే తిరగేసింది. దాంతో జేబుల సంచులు బయటికి వచ్చాయి. బ్రష్షు వద్దన్నాను కదా, జేబుల మూలలు, అంచు మడతలు వేళ్ళతోనే నలిపింది. సర్ఫు నీళ్ళకు ఆవిడ వేళ్ళ సందులు ఎప్పుడూ పగిలి ఉండేవి.

కాసేపటికి చేతులు పైకి తీసి చూసుకుంది. నాకు కనిపించింది ఆవిడ చేతులు కాదు, నీళ్ళలో ఉండిపోయిన జీన్స్. ఎక్కువసేపు నానితే రంగు పోతుందక్కా అన్నాను.

"నీ ప్యాంటు రంగు దివ్యంగా ఉందిలే తమ్ముడూ. నా చేతులే మండిపోతున్నాయి."

గొంతు పెంచకుండానే అంది. అంటూ చెంప మీది చెమటను మణికట్టుతో తుడుచుకుంది. మణికట్టుకు అంటిన మంట కంట్లోకి పోయింది.

వంటింట్లోంచి అమ్మ నూనె గిన్నెతో వచ్చింది. ముందు చేతులకు నూనె పట్టించి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడిగింది. కంట్లో మంచినీళ్ళు చాలాసేపు పోసింది. మిర్చి మంట వట్టి నీళ్ళకు పోదని, నూనెలో కరుగుతుందని నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ పూట తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"ఏరా, నిజం చెప్పు. ఎన్నిసార్లు వేశావు, ఎక్కడ వేశావు?" అంది అమ్మ.

"పదకొండు. స్టోరేజీలో."

అక్క ఒక కన్ను మూసుకునే నా వైపు చూసింది. "కారం అని ఒక్క ముక్క చెప్తే పోయేది కదయ్యా. నీ కాగితంలో అదొక్కటే లేదు." అప్పటిదాకా తమ్ముడూ అనే మనిషి. అయ్యా అన్నది ఆవేళే మొదలు.

తప్పైపోయిందన్నాను. ఆవిడ తల ఊపి, మిగిలిన ఇళ్ళకు వెళ్ళలేనని కబురు చెప్పమని నన్నే పంపింది. ప్రతి గుమ్మం దగ్గరా ఎందుకు రాలేదని అడిగారు. మొదటి ఇంట్లో ఒంట్లో బాగోలేదట అన్నాను. రెండో గుమ్మం ఎక్కుతుంటే ఆ మాట నాకే రోతగా వినపడింది. అక్కడి నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆఖరి ఇంటి పెద్దావిడ నవ్వింది. అది తిట్టడం కన్నా కష్టంగా ఉంది. తర్వాత వెనక్కి తిరిగి మొదటి ఇంటికి వెళ్ళి అక్కడా చెప్పాను.

ఇప్పుడు స్టోరేజీకి పాత తెల్లబడ్డ ప్యాంటే వేసుకువెళ్తాను. దాన్ని బయటే దులిపి, గ్లౌజులు వేసుకుని నేనే ఉతుకుతాను. ముదురు జీన్స్ రంగు తగ్గలేదు, మోకాళ్ళు సాగలేదు.

అక్క పనికి రాలేకపోయినవి మూడు రోజులు.