క్యాప్షన్ కింద జవాబులు

పద్మప్రియ అనంతపురంలో ఒక మందుల షాపులో పన్నెండేళ్లు పని చేసింది. ఎవరైనా ఓ మందును తెగ పొగిడితే ముందు డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవడం ఆమెకు అక్కడే అలవాటైంది. ఐదు రోజుల్లో తెల్లబడతావని ఎవరో అంటగట్టిన క్రీము పూసుకుని, మొహమంతా ఎర్రగా కమిలిపోయి ఒక పిల్ల కౌంటర్ ముందుకొచ్చి నిలబడిన రోజును ఆమె మరిచిపోలేదు.

షాపు మూతబడ్డాక చిన్న వ్యాపారాలవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పోస్టుల్లో బొమ్మ కింద వేసే రాతలు, అంటే క్యాప్షన్లు, రాసిచ్చే పని పట్టుకుంది. గోరంట్ల నుంచి వంశీ ఆమె దగ్గరకొచ్చింది ఆ పని మీదే. వేరుశనగ నాలుగేళ్లు వరసగా ఎండిపోతే పొలంలో మునగ వేసి, ఆ ఆకుతో మాత్రలు చేయించి అమ్ముతున్నాడు. దానికి తోడు ఒక ఫేస్ క్రీము కూడా.

"ముప్పై రోజుల్లో షుగర్ మాయం అని రాయక్కా. జనం ఎగబడి కొంటారు" అన్నాడు మొదటి రోజే.

"జబ్బు నయమైతాదని తిండి వస్తువు మీద రాయకూడదప్పా. నీ డబ్బా మీద 'మందుగా వాడేది కాదు' అని నువ్వే అచ్చు వేయించినావు కదా?"

"లైసెన్సు ఉండాది గదక్కా?"

"లైసెన్సు మాత్రలు చేసి అమ్మేదానికి. షుగర్ తగ్గుతాదని నీకు ఎవరూ రాసియ్యలా."

వంశీ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. మాత్రల్లో ఇనుము బాగా ఉంటుందని రాయమంటే ల్యాబ్ రిపోర్టు అడిగింది. రిపోర్టు పంపాడు. అందులోని బ్యాచ్ నంబరు, డబ్బా మీది నంబరు ఒకటి కాదు. "అది పాత సరుకుది, కొత్తది పంపుతా" అన్నాడు. కొత్తది వచ్చేదాకా ఇనుము మాట పోస్టులోకి రానివ్వలేదు.

క్రీము దగ్గర ఇంకో పేచీ. పూసుకోక ముందు, పూసుకున్న తర్వాత అని ఒకే అమ్మాయి ఫొటోలు రెండు పంపాడు. మొదటిది గుడ్డి దీపం కింద తీసింది. రెండోది కిటికీ పక్కన పగటి వెలుతురులో తీసింది, పైగా ఫిల్టర్ వేసింది.

"ఈ మచ్చలు క్రీముతో పోయినాయా, ఫోనుతో పోయినాయా?"

"అందరూ ఇట్లే పెడతాండారు కదక్కా."

"అందరి క్యాప్షన్లు నేను రాయలా."

చివరికి ఫొటోలు తీసేసి, 'పొడిబారిన చర్మానికి తేమనిస్తుంది. ముందు చేతి మీద కొంచెం పూసి చూసుకోండి. మంట, దురద వస్తే ఆపేయండి' అని రాసింది. ఇంత చప్పగా రాస్తే ఎవరు కొంటారని వంశీ గొణిగాడు. అప్పటి నుంచి ఆమెకు అతని మీద ఒక కన్ను ఉండేది. తను రాసిచ్చింది రాసిచ్చినట్టే పెట్టాడో లేదో రోజూ పేజీ తెరిచి చూసుకునేది.

జూన్‌లో పామిడి నుంచి అశ్విని అనే ఆవిడ ఆ పేజీలో అందరికీ కనబడేలా రాసింది. వాళ్ల నాయన తిమ్మప్ప ఈ మాత్రలు నమ్మి, డాక్టరు ఇచ్చిన షుగర్ మాత్రలు రెండు వారాలు మానేశాడు. కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశానని కూడా రాసింది.

పద్మప్రియ వెంటనే పోస్టు చూసింది. క్యాప్షన్ తను రాసిందే, అక్షరం మారలేదు. మరి ఆయనను షుగర్ మాత్రలు మానమని ఎవరు చెప్పారు? ఫొటోల సంగతి గుర్తొచ్చి, వంశీయే చాటుగా ఏదో చేసి ఉంటాడని తేల్చుకుంది. ఫోను చేస్తే అతను ప్రమాణం చేశాడు.

"నేను ఒక్క మాట రాయలేదక్కా. ఎవరో గిట్టనోళ్లు చేయించినారు ఇది."

ఆమె నమ్మలేదు. అశ్వినికి ఫోను చేసి, ఎవరేం చెప్పారో చూపించమని అడిగింది. అశ్విని గొంతు కరుకుగా ఉంది.

"మీరు కూడా వాళ్ల మనిషే కదా మేడం? మీకెందుకు చూపియ్యల్ల?"

"రాసేది నేనేమ్మా. నా రాతతో మీ నాయనకు అట్లయిందేమో తెలుసుకోవల్ల."

కాసేపటికి తిమ్మప్ప ఫోను తెరకు తీసిన ఫొటో వచ్చింది. 'షుగర్ మాత్రలు మానేయొచ్చా' అని తిమ్మప్ప ఇన్‌బాక్సులో అడిగాడు. 'మానేయన్నా. నేనూ మానేసినా. బాగుండా' అని పేజీ నుంచే జవాబు పోయింది. పద్మప్రియకు ఒళ్లు మండింది. క్యాప్షన్ నిజాయితీగా ఉంటే చాలనుకుంది, దాని కింద ఏం నడుస్తోందో ఏనాడూ చూడలేదు.

మరుసటి ఉదయం బస్సెక్కి గోరంట్ల పోయింది. వంశీ ముందు ఫోను పెట్టి, "ఇది ఎవరి రాతప్పా?" అంది. అతను చదివాడు. మొహం పాలిపోయింది. లోపలి గది వైపు చూశాడు.

అక్కడ అతని తల్లి రామలక్ష్మమ్మ మంచం మీద కూర్చుని కంపెనీ ఫోనులో జవాబులు పెడుతోంది. ఆరు నెలలుగా ఆ పని ఆమెదే. వంశీ అప్పగించాడు తప్ప ఒక్కసారి కూడా చదవలేదు.

"నేనే రాసినా. అందులో అబద్ధమేముండాదమ్మా? నాకు షుగర్ తగ్గినమాట నిజమే కదా" అంది రామలక్ష్మమ్మ.

"ఎప్పుడు తగ్గింది పెద్దమ్మా?"

"మార్చిలో. మాత్రలు, మునగ, రెండూ వేసుకుంటాంటి. పొద్దున్నే నడుస్తాంటి. తగ్గిందని డాక్టరే చెప్పినాడు. ఇంక ఆ మాత్రలెందుకని నెల కిందట మానేస్తి."

"మానేసినాక పరీక్ష చేయించుకున్నారా?"

"బాగుంటే పరీక్షెందుకు?" అంటూ ఆమె చెంబెత్తి గడగడా తాగింది. పద్మప్రియ వచ్చి పావుగంట కాలేదు, అది మూడో చెంబు.

"దాహం ఎక్కువైందా?"

"ఎండలు కదమ్మా."

"ఇంట్లో షుగర్ చూసే మిషను ఉండాదా వంశీ?"

అతను బీరువాలోంచి తెచ్చాడు. రక్తపు చుక్క వేసే పట్టీల డబ్బా మీద తేదీ చూసి గానీ పద్మప్రియ వాటిని ముట్టలేదు. రామలక్ష్మమ్మ వేలు చాచి, గుచ్చుతుంటే మొహం తిప్పుకుంది. మూడు వందల నలభై రెండు వచ్చింది. చేతులు కడిగించి మళ్లీ చూస్తే మూడు వందల ముప్పై ఏడు.

 రామలక్ష్మమ్మ ఆ అంకె వైపే చూస్తూ, "అయితే ఆ పామిడాయన నా మాట విని పడిపోయినాడా?" అంది. తర్వాత చిన్నగా, "ఇంకెంతమందికి చెప్పినానో" అంది.

వంశీ ఆమెను అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి పద్మప్రియ ఇన్‌బాక్సు మొత్తం చదివి, మందులు మానమని జవాబు అందుకున్నవాళ్లను వెతికి పెట్టింది. పదకొండు మంది. రామలక్ష్మమ్మ ఒక్కొక్కరికి తానే ఫోను చేసింది. "నేను చెప్పింది తప్పు నాయనా. నాక్కూడా ఎక్కువైంది. మాత్రలు ఆపినావా? ఈ పొద్దే డాక్టరుకు చూపించుకో" అని. కొందరు తిట్టారు. ఇద్దరు ఫోను ఎత్తలేదు, వాళ్ల ఇళ్లకు మనిషిని పంపారు.

పేజీలో అన్నిటికంటే పైన ఒక పోస్టు నిలిపారు. 'మా మునగ మాత్రలు షుగర్‌కు మందు కాదు. మా పేజీ నుంచి కొందరికి తప్పు జవాబు ఇచ్చాం. డాక్టరును అడగకుండా ఏ మందూ మానకండి.' ఆ మాటలు తల్లే చెప్పింది. పద్మప్రియ వాటిలో ఏదీ మెత్తబరచలేదు.

హెల్ప్‌లైన్ నుంచి సంజాయిషీ అడిగారు. వంశీ జరిగింది జరిగినట్టు రాసి, తిమ్మప్ప ఆసుపత్రి ఖర్చు భరించాడు. అశ్విని ఫిర్యాదు ముగించింది గానీ, "క్షమించినానని యాడా రాయొద్దండి" అని చెప్పి మరీ ముగించింది. రాయలేదు.

వంశీని తప్పుగా అనుకున్నందుకు పద్మప్రియ ఒక మాట అంది. "నిన్ను అనుమానించినాను. అది తప్పే."

"ఇంక అనుమానించవు కదా అక్కా?"

"అట్లని చెప్పలేనప్పా" అంది ఆమె.

ఇప్పుడు ఇన్‌బాక్సు జవాబులు కూడా ఆమెకు చూపించాకే బయటికి పోతాయి. జబ్బు గురించి ఎవరైనా అడిగితే పోయే జవాబు ఒక్కటే: మీ డాక్టరును అడగండి.